నాయన వీలునామా రాయకుండా పోతే పెద్దల ఆస్తిలో ఎవరి వాటా ఎంత?

పెద్ద కర్మ అయిపోయి బంధువులు ఊళ్లకు వెళ్లిపోయాక ఇంట్లో ఎవరో ఒకరు మెల్లగా అడుగుతారు: "నాయన ఏమీ రాసిపెట్టలేదు కదా, ఇప్పుడెట్లా?" తిరుపతి చుట్టుపక్కల చేలు ప్లాట్లయ్యాక ఈ ప్రశ్న ఇంకా పెరిగింది. నిన్నటిదాకా శనక్కాయలు వేసుకున్న రెండెకరాలను ఇవాళ వెంచర్ వాళ్లు వచ్చి అడుగుతారు. వాళ్ల లాయరు కాగితాలు తిరగేసి, "మీ చెల్లెలి సంతకం ఏదండీ?" అంటాడు. టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

ఊళ్లో అడిగితే రెండు జవాబులు దొరుకుతాయి. "ఇప్పుడు చట్టం మారింది, అమ్మతో సహా అందరికీ సమానం" అని ఒకరు. "పెద్దల ఆస్తి కొడుకులది, ఆడపిల్లకు నాయన వాటాలో వాటా మాత్రమే" అని ఇంకొకరు. మొదటిది కొన్ని ఆస్తులకే సరిపోతుంది. రెండోది పాత చట్టం. నిజానికి వారసులు ఎంతమంది అన్నది రెండో ప్రశ్న. ఆ భూమి చనిపోయినాయనకు ఏ దారిలో వచ్చింది అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు తేలకుండా వాటాలు లెక్కపెట్టడం మొదలుపెడితే లెక్క తప్పుతుంది.

ఈ వ్యాసంలో ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. చిత్తూరు జిల్లా ఐరాల మండలంలో ఒక రైతు. ఆయనకు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. 12 ఎకరాల భూమి ఉంది, అందులో కొంత మామిడి తోపు, కొంత చేను, కింద కొన్ని కయ్యలు. తిరుపతిలో 40 అంకణాల ఇంటి స్థలం కూడా ఉంది. ఆయన 2021లో వీలునామా లేకుండా చనిపోయాడు. హిందూ కుటుంబం కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది.

తాతది అయినంత మాత్రాన పెద్దల ఆస్తి కాదు

మన వాడుకలో తాతల నుంచి వచ్చిందంతా పెద్దల ఆస్తే. చట్టం అంత ఉదారంగా లేదు. పిల్లలకు పుట్టుకతోనే హక్కు ఉండే ఆస్తినే అది పిత్రార్జితంగా చూస్తుంది. అలా హక్కున్నవాళ్లను కోపార్సనర్లు అంటారు. నాయన బతికున్నప్పుడు కూడా వాళ్లు భాగం పెట్టమని అడగొచ్చు. మిగతా ఆస్తి మీద నాయన బతికున్నంతకాలం పిల్లలకు ఏ హక్కూ లేదు. ఆయన అమ్ముకున్నా, ఎవరికైనా రాసిచ్చినా అడ్డం చెప్పలేరు.

తేడా ఎక్కడ వస్తుంది? 1956 జూన్ 17న చట్టం అమల్లోకి వచ్చింది. అంతకు ముందు మగవాళ్ల వరుసలో తండ్రి, తాత, ముత్తాతల నుంచి వచ్చిన భూమి పిత్రార్జితమే. ఆ భూమిని తర్వాత అన్నదమ్ములు భాగాలు పెట్టుకున్నా, ఎవరి భాగం వాళ్ల పిల్లలకు పిత్రార్జితంగానే ఉంటుంది. మన ఉదాహరణలో 12 ఎకరాలు అలాంటివే అనుకుందాం. తాతకు 1951లో ఆయన నాయన నుంచి వచ్చింది. 1978లో తాత, ఆయన ఇద్దరు కొడుకులు రిజిస్టరు భాగపరిష్కారం చేసుకున్నారు. మన రైతు భాగానికి 12 ఎకరాలు పడ్డాయి.

ఇప్పుడు కథ కొంచెం మార్చి చూద్దాం. ఆ 12 ఎకరాలు తాత 1965లో సొంత డబ్బుతో కొన్నాడు, 1980లో వీలునామా లేకుండా పోయాడు, అది కొడుక్కి వారసత్వంగా వచ్చింది. మనవలు దీన్ని కూడా "తాత ఆస్తి" అనే అంటారు. కానీ 1956 తర్వాత తండ్రి సొంత ఆస్తి కొడుక్కి వారసుడిగా వస్తే, అది ఆ కొడుకు సొంత ఆస్తే అవుతుంది. మనవలకు అందులో పుట్టుకతో హక్కు రాదు. దీని మీద హైకోర్టులు చాలాకాలం తలో మాట చెప్పాయి. కొన్ని కోర్టులు పాత ధర్మశాస్త్ర సూత్రం ప్రకారం మనవలకు హక్కుందన్నాయి. కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లి అని వారసుల పట్టీ చట్టం స్పష్టంగా ఇచ్చింది, అందులో బతికున్న కొడుకు పిల్లలు లేరు కదా అని మరికొన్ని అన్నాయి. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు రెండో వాదనకే మొగ్గింది. ఇప్పటికీ అదే నిలబడి ఉంది. తాత నుంచి వచ్చిన పొలాన్ని నాయన అమ్ముతున్నాడని ఆయన మీద కేసు వేసిన మనవళ్లు చాలామంది ఓడిపోయేది ఇక్కడే.

ఇంకో చిక్కు ఉంది, తిరుపతి స్థలం లాంటివాటితో వస్తుంది. నాయన జీతం డబ్బుతో కొంటే అది స్వార్జితం. ఉమ్మడి మామిడి తోపు మీద వచ్చిన కాపు డబ్బుతో కొంటే, ఆయన ఒక్కడి పేరున ఉన్నా అది ఉమ్మడి ఆస్తి అనే వాదన వస్తుంది. ఉమ్మడి కుటుంబం ఉంది కాబట్టి ఆస్తి కూడా ఉమ్మడిదే అని కోర్టు ఊరికే అనుకోదు. అప్పటికి ఉమ్మడి భూమి ఉందని, ఖర్చులు పోను కొనేంత ఆదాయం దాని మీద వచ్చేదని చెప్పేవాళ్లే చూపించాలి. అది చూపిస్తే, నా సొంత డబ్బుతోనే కొన్నాను అని నిరూపించే బరువు అవతలి పక్షం మీదికి మారుతుంది. మన ఉదాహరణలో ఈ గొడవ వద్దు, స్థలం జీతం డబ్బుతో కొన్నదే అనుకుందాం.

ఇదంతా కాగితాల్లో కనిపెట్టొచ్చు. భూమి ఆయన చేతికి ఏ దస్తావేజుతో వచ్చింది? క్రయ దస్తావేజు ఉంటే స్వార్జితం వైపు, పాత భాగపరిష్కారం ఉంటే పిత్రార్జితం వైపు మొగ్గు. 1983 నుంచి జరిగినవి ఈసీలో ఆన్‌లైన్లో కనిపిస్తాయి. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్‌గా వెతికించాలి. ఏ దస్తావేజూ లేకుండా ముత్తాత పేరు పాత రెవెన్యూ రికార్డులో కనిపిస్తే అది కూడా ఒక ఆధారమే.

చనిపోయినాయన వాటా ఒక్కటే వారసులకు వెళ్తుంది

స్థలంతో మొదలుపెడదాం, తేలిక కాబట్టి. స్వార్జితం మొత్తం చనిపోయినాయనదే. భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికుంటే ఆమె కూడా మొదటి తరగతి వారసులు. అందరికీ తలా ఒక వాటా. మన రైతు తల్లి ముందే పోయింది. కాబట్టి నలుగురికి పది పది అంకణాలు. అమ్మకూ పదే, కూతురికీ పదే.

12 ఎకరాలకు ఇలా కుదరదు. ఆ భూమి మొత్తం ఆయనది కాదు, ఆయన వాటా ఒక్కటే ఆయనది. అందుకే చట్టం ఒక ఊహా పంపకం చేయమంటుంది. ఆయన కన్ను మూయడానికి ఒక్క క్షణం ముందు ఆ భూమిని భాగాలు పెట్టి ఉంటే ఆయనకు ఎంత వచ్చేది? అంత మాత్రమే వారసులకు పంచాలి.

పుట్టుకతో హక్కున్నవాళ్లు నాయన, ఇద్దరు కొడుకులు, కూతురు, మొత్తం నలుగురు. ఒక్కొక్కరికి 3 ఎకరాలు. పిల్లలు ముగ్గురి 9 ఎకరాలు నాయన చావుతో వచ్చినవి కావు, ముందు నుంచీ వాళ్లవే. మిగిలిన నాయన 3 ఎకరాలను భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు నలుగురూ పంచుకుంటే తలా 75 సెంట్లు. అంటే పిల్లలు ఒక్కొక్కరికి 3 ఎకరాల 75 సెంట్లు, అమ్మకు 75 సెంట్లు. అంతా కలిపితే 12 ఎకరాలు.

నాయన వీలునామా రాసి ఉన్నా ఆయన రాయగలిగింది తన 3 ఎకరాల గురించే. 12 ఎకరాలూ పెద్దోడికే అని రాసినా మిగతా 9 ఎకరాల మీద ఆ రాత చెల్లదు.

మరో సంగతి కొడుకులకు ముందుముందు ఉపయోగపడుతుంది. ఒక్కొక్కరి చేతికొచ్చిన 3.75 ఎకరాలు ఒకే గట్టు మధ్య ఉన్నా చట్టం దృష్టిలో రెండు రకాలు. 3 ఎకరాలు వాళ్ల పిల్లలతో కలిసిన పిత్రార్జితం. వారసత్వంగా వచ్చిన 75 సెంట్లు, పైన చెప్పిన చందర్ సేన్ సూత్రం ప్రకారం, వాళ్ల సొంతం.

అమ్మకు 75 సెంట్లేనా?

ఈ లెక్క చూసి చాలామంది నమ్మరు. ఇంటర్నెట్లో వెతికితే ఇదే కుటుంబంలో అమ్మకు 3 ఎకరాలు వస్తాయని చూపించే లెక్కలు దొరుకుతాయి. అవి అబద్ధం కాదు, వేరే ప్రాంతానివి.

మితాక్షర అనే పాత హిందూ న్యాయంలో భర్త, కొడుకులు భాగాలు పెట్టుకునేటప్పుడు భార్యకు కూడా ఒక భాగం ఇవ్వాలన్న నియమం ఉంది. మహారాష్ట్ర వంటి చోట్ల అది నేటికీ నడుస్తోంది. 1978లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన గురుపాద్ మగ్దూం కేసు అక్కడిదే. ఆ లెక్కన ఊహా పంపకంలో ఐదు భాగాలు, తలా 2.40 ఎకరాలు. నాయన 2.40ని నలుగురు పంచుకుంటే తలా 60 సెంట్లు. అమ్మకు 2.40, పైన 60 సెంట్లు, మొత్తం 3 ఎకరాలు. చిత్రంగా, పిల్లలకూ అంతే వస్తుంది.

మన దక్షిణాదిలో, అంటే ద్రావిడ సంప్రదాయం నడిచిన పాత మద్రాసు ప్రాంతంలో, భాగాలప్పుడు భార్యకు వాటా పెట్టే ఆచారం ఎప్పుడో పోయింది. చిత్తూరు ఆ ప్రాంతంలోదే. అందుకే ఇక్కడ అమ్మ ఊహా పంపకంలో లెక్కకు రాదు, భర్త వాటాలో వారసురాలిగా మాత్రమే వస్తుంది. 2005 సవరణ కూతురిని కొడుకుతో సమానం చేసింది కానీ భార్యను ఆ వరుసలో చేర్చలేదు. పైగా కూతురు చేరడంతో నాయన వాటా చిన్నదై, దాంతో పాటే అమ్మ వాటా కూడా తగ్గింది. కూతురు లెక్కలో లేనప్పుడు నాయనకు 4 ఎకరాలు, అమ్మకు అందులో ఎకరా వచ్చేది. అది ఇప్పుడు 75 సెంట్లయింది. తోపును కొడుకులతో సమానంగా కష్టపడి పెంచిన మనిషికి పదహారో వంతు రావడం న్యాయం కాదని నా అభిప్రాయం. కానీ ప్రస్తుత లెక్క అదే.

నాయన తల్లి, అంటే అవ్వ, బతికుంటే ఆమె కూడా మొదటి తరగతి వారసురాలే. అప్పుడు నాయన 3 ఎకరాలు ఐదు భాగాలవుతాయి. అవ్వకు 60 సెంట్లు, అమ్మకు 60 సెంట్లు, పిల్లలకు తలా 3.60 ఎకరాలు. ముసలామెను లెక్కలో మర్చిపోవడం చాలా ఇళ్లలో జరుగుతుంది. తర్వాత ఆమె పోతే ఆమె 60 సెంట్లు ఆమె వారసులందరికీ వెళ్తాయి. అందులో మేనత్తలు, చిన్నాయనలు కూడా వస్తారు. నాలుగేళ్లకు భూమి అమ్మబోతే ఎక్కడో ఉన్న మేనత్త సంతకం ఎందుకు కావాలో అప్పుడు అర్థమవుతుంది.

కూతురి హక్కు: 1985, 2005, 2020

ఆడపిల్లకు పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు 2005లో వచ్చిందని అందరూ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో అది అంతకు ఇరవై ఏళ్ల ముందే వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన రాష్ట్ర సవరణ కూతురిని కొడుకుతో సమానంగా కోపార్సనర్‌ను చేసింది. అయితే ఆ తేదీకే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టింది. ఒకే ఇంట్లో 1983లో పెళ్లయిన అక్కకు హక్కు లేదు, 1987లో పెళ్లయిన చెల్లెలికి ఉంది.

2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణ పెళ్లి షరతు తీసేసింది. ఆపైన గందరగోళం వేరే చోట మొదలైంది. ఆ తేదీకి నాయన బతికి ఉండాలా? ఫూలావతి కేసులో సుప్రీంకోర్టు అవునంది. 2018లో దానమ్మ కేసులో 2001లోనే తండ్రి పోయిన కూతుళ్లకు కూడా వాటా ఇచ్చింది. రెండూ సుప్రీంకోర్టువే కావడంతో కింది కోర్టుల్లో ఎవరి లాయరు ఏ తీర్పు పట్టుకొస్తే దాని మీద వాదన నడిచేది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జిల ధర్మాసనం దీన్ని తేల్చింది. హక్కు పుట్టుకతో వచ్చింది కాబట్టి 2005లో తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదు. తండ్రి ముందే పోయినప్పుడు వేసే ఊహా పంపకం లెక్క కోసమే, దాంతో నిజంగా భాగాలు అయిపోయినట్టు కాదు.

దీనికి ఒక హద్దు ఉంది. 2004 డిసెంబరు 20కి ముందే జరిగిపోయిన పంపకాలు, అమ్మకాలు చెదరవు.

ఇక్కడ అన్నదమ్ములు చేసే పొరపాటు ఒకటి చూడండి. నాయన 1998లో పోయాడు, కూతురికి 1982లోనే పెళ్లయింది, కొడుకులిద్దరే 2002లో రిజిస్టరు భాగాలు చేసుకున్నారు అనుకుందాం. "2004కి ముందే అయిపోయింది, చెల్లెలికేమీ రాదు" అంటారు. పుట్టుకతో వచ్చే హక్కు వరకు ఆ మాట నిలుస్తుంది. కానీ నాయన వాటాలో కూతురు వారసురాలు కావడం 1956 నుంచే ఉంది. అప్పటి లెక్కన నాయన, ఇద్దరు కొడుకులు మూడు భాగాలు, తలా 4 ఎకరాలు. నాయన 4 ఎకరాలు భార్యకు, కొడుకులకు, కూతురికి తలా ఎకరా. ఆ ఎకరా కూతురిది. ఆమె లేకుండా అన్నదమ్ములు చేసుకున్న భాగపరిష్కారం ఆ ఎకరాను తీసేయలేదు. ఆమె అడగడం ఆలస్యం చేసిందా అన్నది వేరే ప్రశ్న. ఉమ్మడి ఆస్తి నుంచి తనను బయట పెట్టారని తెలిసిన నాటి నుంచి పన్నెండేళ్లలోపు కోర్టుకు వెళ్లాలి. ఎప్పుడు తెలిసిందన్న దాని మీదే ఇలాంటి కేసుల్లో సగం విచారణ నడుస్తుంది.

"నోటి మాటతో ఎప్పుడో పంచుకున్నాం"

కూతురు వాటా అడగ్గానే వచ్చే మొదటి జవాబు ఇది. "1995లోనే పెద్దమనుషులు కూర్చుని భాగాలు పెట్టారు, గట్లు వేసుకున్నాం." మన పల్లెల్లో ఇది చాలాసార్లు నిజమే. తెల్లకాగితం మీద నాలుగు వరుసలు రాసుకుని ఎవరి చేను వాళ్లు దున్నుకున్న కుటుంబాలు ఊరికి పది ఉంటాయి.

చట్టం మాత్రం 2005 సవరణ ప్రకారం పంపకమంటే రిజిస్టరైన దస్తావేజు లేదా కోర్టు డిక్రీ అంటుంది. కూతుళ్ల హక్కును ఎగ్గొట్టడానికి నోటి పంపకం కథ అల్లడం చాలా తేలిక కాబట్టి ఈ జాగ్రత్త పెట్టారు. అన్నదమ్ముల వైపు న్యాయం కూడా లేకపోలేదు. నిజంగా విడిపోయి, పాతికేళ్లు ఎవరి ఖర్చుతో వాళ్లు బోర్లు వేసుకుని, చెట్లు పెంచుకున్నవాళ్లను మళ్లీ కలిపి పంచమనడం ఇబ్బందే. వినీతా శర్మ తీర్పు మధ్యలో సన్నటి దారి ఉంచింది. నోటి సాక్ష్యం ఒక్కటే ఉంటే తోసెయ్యమంది. అసాధారణమైన కేసుల్లో ప్రభుత్వ రికార్డులు గట్టిగా బలపరిచి, కోర్టు డిక్రీతో జరిగినంత స్పష్టంగా పంపకం కనిపిస్తే ఒప్పుకోవచ్చంది. అంటే 1995 తర్వాత వెంటనే పాస్‌పుస్తకాలు విడివిడిగా వచ్చాయా, అడంగల్‌లో ఎవరి పేరుతో వాళ్లు ఎక్కారా, విడివిడిగా బ్యాంకు లోన్లు తెచ్చుకున్నారా అన్నవి చూస్తారు. అన్నీ 2019లో, గొడవ మొదలయ్యాక పుట్టిన కాగితాలైతే జడ్జికి చెప్పాల్సిన పని లేదు.

"పెళ్లికి కట్నం ఇచ్చాం, బంగారం పెట్టాం" అన్నది ఇంకో జవాబు. ఇంటి లెక్కల్లో ఆ బాధ నిజమే కావచ్చు. చట్టంలో మాత్రం కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా తీరిపోదు. కూతురు తన ఇష్టంతో హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేసి ఇస్తేనే తీరుతుంది.

నాయన కన్నా ముందే కొడుకు పోతే

ఇది కొంచెం కష్టమైన లెక్క, కానీ కోడళ్ల బతుకు దీని మీద ఉంటుంది. అదే కుటుంబంలో పెద్దకొడుకు 2015లో యాక్సిడెంట్‌లో పోయాడు. ఆయనకు భార్య, ఇద్దరు పిల్లలు. నాయన 2021లో పోయాడు. వీలునామాలు లేవు. రెండు చావులకు రెండు లెక్కలు, ముందు జరిగింది ముందు వేయాలి.

2015లో ఊహా పంపకం వేస్తే పెద్దకొడుకు శాఖకు 3 ఎకరాలు. అందులో ఆయన పిల్లలకు కూడా పుట్టుకతో హక్కుంది కాబట్టి ఆయనకు, ఇద్దరు పిల్లలకు తలా ఎకరా. ఆయన ఎకరాకు వారసులు తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు. తలా 25 సెంట్లు. కొడుకు ఆస్తిలో తల్లికి వాటా ఉంటుందని చాలామందికి గుర్తుండదు. తండ్రికి మాత్రం ఉండదు, ఆయన రెండో తరగతి వారసుడు.

2021లో మిగిలిన 9 ఎకరాల్లో నాయనవి 3. వాటికి భార్య, చిన్నకొడుకు, కూతురు, ముందే పోయిన పెద్దకొడుకు శాఖ, మొత్తం నాలుగు వాటాలు, ఒక్కోటి 75 సెంట్లు. పెద్దకొడుకు శాఖకు వచ్చిన 75 సెంట్లను కోడలు, ఇద్దరు పిల్లలు 25 సెంట్ల చొప్పున పంచుకుంటారు.

రెండూ కలిపితే అమ్మకు ఎకరా, చిన్నకొడుకుకు 3.75 ఎకరాలు, కూతురికి 3.75, కోడలికి 50 సెంట్లు, మనవలకు తలా ఎకరన్నర. "కోడలికి మామ ఆస్తిలో హక్కు లేదు" అన్న మాట భర్త బతికున్నప్పుడు సరే. భర్త ముందే పోయిన కోడలు మామకు మొదటి తరగతి వారసురాలు.

పాస్‌పుస్తకం చెప్పనిది

వాటాలు తేలాక ఎమ్మార్వో ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుంటారు. అది ఫలానావాళ్లు ఫలానా కుటుంబ సభ్యులు అని చెబుతుంది, ఎవరికి ఎంత అని చెప్పదు. దరఖాస్తులో పెళ్లయిన కూతురి పేరు రాయకపోతే సర్టిఫికెట్‌లోనూ రాదు. రానంత మాత్రాన ఆమె వారసురాలు కాకుండా పోదు. అలాగే పెద్దకొడుకు పేరు మీద పాస్‌పుస్తకం, 1-బి మారినంత మాత్రాన భూమి ఆయనది అయిపోదు. రెవెన్యూ రికార్డు ప్రధానంగా శిస్తు కోసం పెట్టినది, దాంతో యాజమాన్య హక్కు పుట్టదు. ఆయన ఒక్కడే 12 ఎకరాలూ అమ్మితే కొన్నవాడికి దక్కేది ఆయన వాటానే. వెంచర్ లాయరు చెల్లెలి సంతకం అడిగేది అందుకే.

అందరూ ఒప్పుకుంటే పని సులువు. ఏ సర్వే నంబరులో ఎవరికి ఎంతో, హద్దులు, దారి, బోరు నీళ్ల వంతు రాసుకుని భాగపరిష్కార దస్తావేజు రిజిస్టరు చేసుకోవడమే. దారి సంగతి రాయడం మర్చిపోయిన దస్తావేజులు మళ్లీ గొడవ తెస్తాయి. రోడ్డు పక్కన ఉన్న భాగం తీసుకున్నవాడు వెనకున్నవాడికి బండి పోనివ్వడు.

ఇదంతా హిందువులకు. ముస్లిం కుటుంబాల్లో పుట్టుకతో వచ్చే హక్కు అనేదే లేదు, షరియత్ ప్రకారం వాటాలు వేరు. క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు సమానంగా వెళ్తుంది.

ఒప్పుకోకపోతే కోర్టులో ఏమవుతుంది

భాగస్వాముల్లో ఎవరైనా సివిల్ కోర్టులో భాగాల దావా వేయొచ్చు. అందులో వారసులందరినీ చేర్చాలి, ఒక్కరిని వదిలినా దావా అక్కడే చిక్కుకుంటుంది. తీర్పు రెండు మెట్లలో వస్తుంది. మొదట ప్రిలిమినరీ డిక్రీ. అది ఎవరికి ఎన్నో వంతో మాత్రమే చెబుతుంది. తర్వాత ఫైనల్ డిక్రీ. దానికోసం ఇదివరకు ఇంకో దరఖాస్తు వేయాల్సి వచ్చేది, 2022లో సుప్రీంకోర్టు మాత్రం కింది కోర్టులే ఆ విచారణను తమంతట తాము కొనసాగించాలంది. అప్పుడు కోర్టు నియమించిన అడ్వొకేట్ కమిషనర్ సర్వేయరుతో పొలానికి వచ్చి కొలుస్తాడు. కాపుకొచ్చిన తోపులో 75 సెంట్లు, రాళ్ల చేనులో 75 సెంట్లు ఒకటి కాదు కాబట్టి విలువ చూస్తాడు. సర్దుబాటు కాకపోతే ఎక్కువ విలువ పడినవాళ్లు తక్కువ పడినవాళ్లకు డబ్బు ఇవ్వాల్సి వస్తుంది. మొదటి మెట్టు గెలవగానే అయిపోయిందనుకుని రెండో దరఖాస్తు వేయకుండా ఏళ్లు వదిలేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల చేతిలో ఉన్నది భిన్నాల లెక్కే, భూమి కాదు.

ఈ రెండు మెట్ల మధ్య వాటాలు మారొచ్చు కూడా. మొదటి ఉదాహరణలో కేసు నడుస్తుండగా అమ్మ పోయిందనుకుందాం. ఆమె 75 సెంట్లు ఆమె సొంతం, ఆడవాళ్ల ఆస్తికి వేరే వరుస ఉంది. వీలునామా లేకపోతే పిల్లలు ముగ్గురికీ 25 సెంట్ల చొప్పున వెళ్లి తలా 4 ఎకరాలు అవుతాయి. కూతురి పేరున వీలునామా రాసి ఉంటే కూతురికి 4.50 ఎకరాలు, కొడుకులకు 3.75. ఏది జరిగినా ఫైనల్ డిక్రీలో కొత్త లెక్కే ఎక్కుతుంది. ఆ డిక్రీని కూడా స్టాంపు పేపర్ల మీద రాయించుకోవాలి. ఆ ఖర్చు ఎవరూ పెట్టకపోతే కేసు గెలిచినా అది అమలుకు రాదు.